బయాప్సీ రిపోర్టు వచ్చింది, డాక్టరును కలిసేది ఎల్లుండి

ఇప్పుడు బయాప్సీ రిపోర్టు చాలాసార్లు డాక్టరు కంటే ముందే ఇంటివాళ్ళ ఫోన్‌కి వచ్చేస్తోంది. రాత్రి తొమ్మిదింటికి ల్యాబ్ నుంచి పీడీఎఫ్ దిగుతుంది, సర్జన్ అపాయింట్‌మెంటు చూస్తే ఎల్లుండి. ఈలోగా ఆ కాగితం వాట్సాప్‌లో చుట్టాలందరికీ చేరుతుంది. ఒకరికి అందులో ‘బినైన్’ అన్న మాట కనబడుతుంది, ఇక భయం లేదని ఆసుపత్రికి వెళ్ళడమే మానేస్తారు. ఇంకొకరు ‘గ్రేడ్ 3’ చూసి మూడో స్టేజీ అనుకుని రాత్రంతా ఏడుస్తారు. మరొకరు ‘మార్జిన్ 1 ఎంఎం’ అని చదివి, గడ్డ లోపల ఇంకా మిగిలిపోయిందని నిర్ణయించేసుకుంటారు. మైక్రోస్కోపు ముందు కూర్చుని ఇలాంటి రిపోర్టులు రాయడమే నా వృత్తి. ఈ ముగ్గురి కంగారూ నాకు అర్థమవుతుంది. ముగ్గురూ పొరబడే అవకాశముందని కూడా తెలుసు.

బినైన్, గ్రేడ్, మార్జిన్ అనే మాటలు మూడు వేరువేరు ప్రశ్నలకు జవాబులు. ఈ గడ్డ ఏ రకం? దాని స్వభావం ఎలాంటిది? తీసేశాక అంచుల్లో ఏమైనా మిగిలిందా? ఈ మూడూ తేటగా కనిపించేది రొమ్ము గడ్డ రిపోర్టులో కాబట్టి దాన్నే ఉదాహరణగా తీసుకుందాం. యాభై రెండేళ్ళ ఒకావిడకు ఎడమ రొమ్ములో గడ్డ తగిలిందనుకుందాం. మొదట సూదితో బయాప్సీ చేశారు, తర్వాత ఆపరేషన్ చేసి గడ్డ తీశారు. అంటే చేతికి రెండు రిపోర్టులు వస్తాయి. ఈ కేసు వివరించడం కోసం నేను కల్పించినదే, కానీ ఇందులోని అంకెలూ మాటలూ రోజూ రిపోర్టుల్లో కనబడేవే.

ముందు చూడాల్సింది ‘స్పెసిమెన్’

రిపోర్టు తెరవగానే అందరి కళ్ళూ అడుగున లావు అక్షరాల్లో ఉండే ‘ఇంప్రెషన్’ మీదికి పోతాయి. దానికి ముందు పైన ‘స్పెసిమెన్’ అని ఉన్న వరుస చదవండి. పేరు, వయసు, కుడా ఎడమా అన్నవి సరిపోల్చుకోండి. మన ఉదాహరణలో అక్కడ ‘కోర్ నీడిల్ బయాప్సీ, ఎడమ రొమ్ము, 2 ఓ క్లాక్’ అని ఉంటుంది. ఆ ‘2 ఓ క్లాక్’ పరీక్ష చేసిన టైము కాదు. ఎదురుగా నిలబడి చూసేటప్పుడు రొమ్మును గడియారం ముఖంగా ఊహించుకుని గడ్డ ఎక్కడుందో చెప్పే పద్ధతి అది. ఎడమ రొమ్ములో 2 అంటే పైభాగంలో, చంక వైపు అన్నమాట. అల్ట్రాసౌండ్ లేదా మామోగ్రామ్ రిపోర్టులోనూ అదే చోటు రాసి ఉందో లేదో చూడండి. రెండింటికీ పొంతన లేకపోతే డాక్టరును మొట్టమొదట అడగాల్సింది దాని గురించే.

తర్వాత ‘గ్రాస్’ అన్న పేరా వస్తుంది. మైక్రోస్కోపు కింద పెట్టకముందు కంటికి కనిపించినదంతా అందులో రాస్తాం. ‘నాలుగు బూడిద తెలుపు రంగు సన్నని ముక్కలు, అన్నింటికంటే పొడవైనది 1.5 సెంటీమీటర్లు’ అన్న తరహాలో ఉంటుంది. రెండున్నర సెంటీమీటర్ల గడ్డలోంచి మాకు అందేది ఆ నాలుగు పుల్లలే. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టుకుంటే తెలుస్తుందంటారు. గడ్డ విషయంలో ఆ మాట చెల్లదు. ఒకచోట చెడ్డ కణాలుంటే, పక్కనే మామూలు కొవ్వు ఉండొచ్చు. అందుకే సూది బయాప్సీ రిపోర్టులో మేం రాసే ప్రతి మాటా ఆ నాలుగు పుల్లల గురించి రాసినదే.

సూది బయాప్సీ రిపోర్టులో మార్జిన్స్ ప్రస్తావన ఉండకపోవడానికి కారణమూ ఇదే. గడ్డను మొత్తంగా తీయలేదు, కాబట్టి చూడటానికి అంచులే లేవు. మార్జిన్స్ రాయలేదని ల్యాబ్ మీద అనుమానపడే వాళ్ళను చూశాను. రాయకపోవడమే సరైన పని.

‘బినైన్’ అని ఉంటే

బినైన్ అంటే క్యాన్సర్ కానిది. ఇది నిజంగా మంచి కబురే. రొమ్ములో ఇలాంటి వాటిలో ఎక్కువగా కనబడేది ఫైబ్రోఅడినోమా. వయసులో ఉన్న ఆడపిల్లల్లో, వేలితో నొక్కితే అటూ ఇటూ జారిపోయే గట్టి గడ్డ ఇది. రిపోర్టులో పేరు పెట్టి ‘ఫైబ్రోఅడినోమా’ అని రాశారంటే ఆ గడ్డకు ఒక కారణం దొరికినట్టే.

‘నో ఎవిడెన్స్ ఆఫ్ మాలిగ్నెన్సీ ఇన్ ది సెక్షన్స్ స్టడీడ్’ అని మాత్రమే రాసి, జబ్బు పేరు చెప్పకపోతే విషయం కొంచెం వేరు. మాకు అందిన ముక్కల్లో క్యాన్సర్ కనిపించలేదని మాత్రమే ఆ వాక్యం చెబుతుంది. గడ్డ ఎందుకు వచ్చిందో చెప్పదు. ఇక్కడ స్కాన్ రిపోర్టు పక్కన పెట్టుకుని చూడాలి. మామోగ్రామ్, అల్ట్రాసౌండ్ రిపోర్టుల చివర ‘బైరాడ్స్’ అని ఒక అంకె ఉంటుంది. అది 5 అయితే స్కాన్ చూసిన డాక్టరుకు క్యాన్సర్ అనుమానం బలంగా ఉందని అర్థం. స్కాన్‌లో 5, బయాప్సీలో ‘మామూలు మార్పులు’ అని వస్తే రెండూ ఒకదానికొకటి పొసగడం లేదు. బహుశా సూది గడ్డ పక్కనుంచి పోయి ఉండొచ్చు. అప్పుడు మళ్ళీ బయాప్సీ చేయమని అడగాలి. ‘బినైన్’ అన్న మాట చూసి ఇంట్లో ఉండిపోయి, ఏడాది తర్వాత పెద్ద గడ్డతో వచ్చేవాళ్ళలో కొందరి కథ ఇక్కడే మొదలవుతుంది. ఆ ఏడాదిలో చాలా పోగొట్టుకుంటారు.

బినైన్‌కూ క్యాన్సర్‌కూ మధ్య ఇంకో మాట ఉంది, ‘ఎటిపికల్ డక్టల్ హైపర్‌ప్లేసియా’. పాల నాళాల లోపలి కణాలు పెరిగి, వాటి రూపం కొంత తేడాగా కనిపిస్తోందని దాని అర్థం. ఇది క్యాన్సర్ కాదు. కానీ సూది బయాప్సీలో ఇది కనిపిస్తే ఆ చోటును ఆపరేషన్ చేసి తీసి చూడమని సర్జన్లు సాధారణంగా సలహా ఇస్తారు. అలా తీసినప్పుడు కొందరిలో పక్కనే క్యాన్సర్ బయటపడుతుంది. అందుకే ఆపరేషన్ అనగానే డాక్టరు ఏదో దాస్తున్నారని అనుకోవద్దు.

మన దేశంలో ఇంకో మాట కూడా తరచుగా కనబడుతుంది, ‘గ్రాన్యులొమాటస్ మాస్టైటిస్’. చేతికి, స్కాన్‌కి అచ్చం క్యాన్సర్‌లా అనిపించే వాపు ఇది. క్యాన్సర్ కాదు. కొన్నిసార్లు టీబీ వల్ల వస్తుంది, కొన్నిసార్లు కారణమే దొరకదు. టీబీ పరీక్షలు చేశారా, చేస్తే ఏం తేలింది అని అడగాలి. రెండింటికీ మందులు పూర్తిగా వేరు.

గ్రేడ్ అంటే స్టేజీ కాదు

మన ఉదాహరణలోని ఆవిడ సూది బయాప్సీ రిపోర్టులో ‘ఇన్వేసివ్ కార్సినోమా, నో స్పెషల్ టైప్, గ్రేడ్ 2, స్కోర్ 3+2+1’ అని వచ్చింది. కార్సినోమా అంటే క్యాన్సర్. ఇన్వేసివ్ అంటే నాళం గోడ దాటి చుట్టూ ఉన్న కణజాలంలోకి వచ్చిందని. గోడ దాటకుండా నాళంలోనే ఉండిపోయిన దాన్ని డీసీఐఎస్ అంటారు. ‘ఇన్వేసివ్’ అన్న మాట చూసి ఒళ్ళంతా పాకిందనుకోకూడదు. కొన్ని మిల్లీమీటర్ల గడ్డ కూడా ఇన్వేసివ్ అయి ఉండొచ్చు.

ఇక గ్రేడ్. ల్యాబ్ కౌంటరు దగ్గర నేను ఎక్కువగా విన్న ప్రశ్న ఇదే: “సార్, మా అమ్మకి గ్రేడ్ త్రీ అని వచ్చింది, లాస్ట్ స్టేజా?” కాదు బాబూ. క్యాన్సర్ ఎంత పెరిగింది, ఎంతదూరం పోయింది అన్నది స్టేజీ. కణాలు మైక్రోస్కోపు కింద ఎలా కనిపిస్తున్నాయి అన్నది గ్రేడ్. ఒక సెంటీమీటరు గడ్డ చంక గడ్డల దాకా కూడా పోకుండా గ్రేడ్ 3 అయి ఉండొచ్చు. అప్పుడు స్టేజీ మొదటిదే. రొమ్ము క్యాన్సర్‌లో గ్రేడులు మూడే, నాలుగోది లేదు.

రిపోర్టులో గ్రేడ్ పక్కన ‘మోడిఫైడ్ బ్లూమ్ రిచర్డ్‌సన్’ అనో ‘నాటింగ్‌హామ్’ అనో కనబడుతుంది. బ్లూమ్, రిచర్డ్‌సన్ 1957లో ఇచ్చిన పద్ధతిని ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌లో ఎల్స్‌టన్, ఎల్లిస్ సవరించి 1991లో ప్రచురించారు. ఇప్పటికీ మేం వాడేది దాన్నే. మూడు విషయాలు చూసి ఒక్కోదానికి 1 నుంచి 3 మార్కులు వేస్తాం. మార్కులు పెరిగితే మంచిది కాదు. మొదటిది, కణాలు ఇంకా మామూలు నాళాల్లాగా గుండ్రని గొట్టాలు కడుతున్నాయా అన్నది. రెండోది, కణం లోపలి కేంద్రకం ఎంత పెద్దదిగా, ఎంత అస్తవ్యస్తంగా ఉందన్నది. మూడోది, ఎన్ని కణాలు రెండుగా చీలుతూ కనిపిస్తున్నాయన్నది. మొత్తం 3, 4 లేదా 5 అయితే గ్రేడ్ 1. 6, 7 అయితే గ్రేడ్ 2. 8, 9 అయితే గ్రేడ్ 3. ఆవిడకు 3+2+1 కలిపితే 6, అంటే గ్రేడ్ 2లో అడుగు మెట్టు.

ఇప్పుడు ఆపరేషన్ తర్వాత వచ్చిన రెండో రిపోర్టు చూద్దాం. అందులో ‘గ్రేడ్ 3, స్కోర్ 3+3+2’ అని ఉంది. నెల తిరగకుండానే జబ్బు ముదిరిపోయిందని ఇంట్లో గగ్గోలు. జబ్బు ముదరలేదు. మొదటిసారి నాలుగు పుల్లలు చూశాం, రెండోసారి గడ్డ మొత్తం చూశాం. చీలుతున్న కణాలు గడ్డంతా సమానంగా పరుచుకుని ఉండవు, అంచుల్లో ఎక్కువగా ఉంటాయి. సూది నడిమధ్యలోకి దిగితే తక్కువ కనిపిస్తాయి. అందుకే మూడో మార్కు సూది బయాప్సీలో తగ్గడం మామూలే. రెండు రిపోర్టుల్లో గ్రేడ్ తేడాగా ఉంటే ల్యాబ్ తప్పు చేసిందని అనుకోకుండా, గడ్డ మొత్తం చూసి రాసిన రిపోర్టుకే ఎక్కువ విలువ ఇవ్వండి. ఆపరేషన్‌కి ముందే కీమో ఇచ్చి ఉంటే మాత్రం మందు ప్రభావానికి కణాల రూపం మారుతుంది, అప్పుడు సూది బయాప్సీలో వచ్చిన గ్రేడే చూసుకోవాలి.

గ్రేడ్ 3 కణాలు వేగంగా చీలుతాయి, ఆ మాట నిజమే. వేగంగా చీలే కణాలపైనే కీమో మందులు బాగా పనిచేస్తాయన్నదీ నిజమే. డాక్టరు గ్రేడ్ ఒక్కటే చూసి మందు రాయరు.

అంచుకు పూసిన రంగు

మార్జిన్స్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. అన్నింటికంటే ఎక్కువ అపార్థాలకు చోటిచ్చే మాట ఇదే.

సర్జన్ గడ్డను చుట్టూ కొంత మంచి కణజాలంతో కలిపి కోసి తీస్తారు. ఆ ముద్ద ఒకసారి శరీరంలోంచి బయటికి వచ్చాక పైదేదో కిందిదేదో ఎవరికీ తెలియదు. అందుకని ఆపరేషన్ బల్ల దగ్గరే దానికి దారపు కుట్లు వేస్తారు. పొట్టి దారం పైవైపు, పొడవు దారం చంకవైపు అన్నది చాలామంది పాటించే గుర్తు. మా దగ్గరికి వచ్చాక ఆ దారాలు చూసుకుని ఒక్కో వైపుకి ఒక్కో రంగు సిరా పూస్తాం. పైకి నీలం, కిందికి ఆకుపచ్చ, లోతు వైపు నలుపు, అలా. తర్వాత సన్నని పలకలుగా కోసి, ఆ పలకల్లోంచి ముక్కలు తీసి మైనంలో పోసి స్లైడ్లు తయారుచేస్తాం. స్లైడ్ మీద ముక్క అంచున ఆ సిరా సన్నని రంగు గీతగా కనబడుతుంది. ఆ గీతే సర్జన్ కత్తి నడిచిన దారి. క్యాన్సర్ కణం ఆ గీతను తాకితే మార్జిన్ పాజిటివ్. తాకకపోతే నెగెటివ్, ‘ఫ్రీ’ అని కూడా రాస్తారు. ఇక్కడ నెగెటివ్ అన్నదే మంచి మాట.

ఆవిడ రిపోర్టులో ‘అన్ని మార్జిన్లూ ఫ్రీ. దగ్గరలో ఉన్నది డీప్ మార్జిన్, 1 ఎంఎం’ అని ఉంది. ఒక్క మిల్లీమీటరు అనగానే గుండె జారిపోతుంది. కానీ రొమ్ము కొంతే తీసి, మిగిలిన రొమ్ముకు రేడియేషన్ ఇచ్చే చికిత్సలో ఇన్వేసివ్ క్యాన్సర్‌కి సిరాను తాకకపోతే చాలు. 2014లో అమెరికాలోని సర్జికల్ ఆంకాలజీ, రేడియేషన్ ఆంకాలజీ సంఘాలు కలిసి పాత అధ్యయనాలన్నీ పరిశీలించి ఈ మాట చెప్పాయి. అంతకంటే వెడల్పుగా కోసినందువల్ల గడ్డ తిరిగి రావడం చెప్పుకోదగ్గంత తగ్గడం లేదని తేలింది. నాళంలోనే ఉండే డీసీఐఎస్ ఒక్కటే ఉంటే మాత్రం 2 మిల్లీమీటర్లు ఉండాలని 2016లో చెప్పారు. అది నాళాల వెంట అక్కడక్కడా ఖాళీలు వదులుతూ పాకగలదు కాబట్టి ఆ జాగ్రత్త.

పైగా ఆవిడకు దగ్గరగా ఉన్నది లోతు వైపు అంచు. దాని వెనక ఛాతీ కండరం మీది పొర ఉంటుంది. సర్జన్ ఆ పొర దాకా తీసేసి ఉంటే అటువైపు తీయడానికి ఇంకా రొమ్మే లేదు. ఆ సంగతి రిపోర్టు చూస్తే తెలియదు, ఆపరేషన్ చేసినవాళ్ళకే తెలుస్తుంది. కాబట్టి అడగాల్సిన ప్రశ్న “ఒక్క ఎంఎం చాలా?” అని కాదు. “డాక్టర్‌గారూ, డీప్ మార్జిన్ వైపు కండరం పొర దాకా తీశారా?” అని అడగండి.

కొన్ని రిపోర్టుల్లో గడ్డ దగ్గర మార్జిన్ పాజిటివ్ అని ఉండి, కింద ‘కేవిటీ షేవ్’ అనో ‘అడిషనల్ మార్జిన్’ అనో రాసి, అందులో ట్యూమర్ లేదని ఉంటుంది. గడ్డ తీశాక ఆ గుంత గోడల నుంచి మరికొంత గీసి వేరే సీసాలో పంపారన్నమాట. పాజిటివ్ వచ్చిన వైపు నుంచే ఆ గీసిన ముక్క తీసి ఉంటే చివరి అంచు అదే, ఆ వైపు శుభ్రంగా ఉన్నట్టే. ఏ వైపు నుంచి తీశారో సీసా పేరులో ఉంటుంది, సరిచూసుకోండి. నిజంగానే చివరి అంచు పాజిటివ్ అయితే సాధారణంగా ఆ వైపు మళ్ళీ కొంచెం తీయాల్సి వస్తుంది.

ఈ లెక్కలు రొమ్ముకే. నోటి క్యాన్సర్‌లో అంచు 5 మిల్లీమీటర్ల కంటే తక్కువ ఉంటే దగ్గరగా ఉన్నట్టే చూస్తారు. పక్కింటివాళ్ళ రిపోర్టులోని అంకెను మీ రిపోర్టుకు తెచ్చి పోల్చుకోవద్దు.

సీసా చేతిలో పట్టుకెళ్ళేవాళ్ళకు

మన ఊళ్ళలో చిన్న నర్సింగ్ హోమ్‌లో గడ్డ తీసి, సీసా ఇంటివాళ్ళ చేతికిచ్చి ల్యాబ్‌లో ఇచ్చి రమ్మనడం మామూలే. రిపోర్టు సరిగా రావడం సగం ఆ సీసా మీదే ఆధారపడి ఉంటుంది. గడ్డ తీసిన గంటలోపు ఫార్మలిన్‌లో పడాలి. నీళ్ళలోనో సెలైన్‌లోనో వేసి పంపితే కణాలు చివికిపోతాయి. ముద్ద పూర్తిగా మునిగేలా, దాని పరిమాణానికి పది రెట్లు ద్రవం ఉండాలి. సీసా మీద పేరు, ఏ వైపు రొమ్ము అన్నది మూత మీద కాకుండా సీసాకే అంటించి ఉండాలి, మూతలు మారిపోతాయి. గడ్డ లోపల ఎలా ఉందో చూద్దామని ఎవరినీ కోయనివ్వొద్దు. కోస్తే ఏది అసలు అంచో ఏది కొత్తగా కోసిన చోటో మాకు తెలియదు, మార్జిన్ గురించి నమ్మకంగా రాయలేం.

ఫార్మలిన్ సంగతి మరో కారణానికి కూడా ముఖ్యం. క్యాన్సర్ అని తేలాక అదే ముక్క మీద ఈఆర్, పీఆర్, హెర్2 అనే పరీక్షలు చేస్తాం. ముక్క 6 గంటల కంటే తక్కువగానో 72 గంటల కంటే ఎక్కువగానో ఫార్మలిన్‌లో ఉంటే వీటి ఫలితాలను పూర్తిగా నమ్మలేం. ఈఆర్ పాజిటివ్ అంటే కంగారు పడనక్కర్లేదు. ఆ క్యాన్సర్‌కి హార్మోన్ మాత్రలతో వైద్యం చేసే దారి ఉందని అర్థం. హెర్2 పక్కన 0 లేదా 1+ ఉంటే నెగెటివ్, 3+ ఉంటే పాజిటివ్. 2+ ఉంటే ఇంకా తేలలేదు, ఫిష్ అనే మరో పరీక్ష చేయాలి. ఫిష్ ఫలితం రాకముందే చికిత్స మొత్తం ఖరారు చేయమని డాక్టరును తొందరపెట్టకండి. ఈ ఫలితాలు తరచు విడిగా, కొన్ని రోజుల ఆలస్యంగా వస్తాయి. మొదటి రిపోర్టు చివర ‘ఐహెచ్‌సీ టు ఫాలో’ అని ఉంటే అసలు కథ ఇంకా సగమే చదివారన్నమాట.

డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు రెండు రిపోర్టులతో పాటు స్కాన్ రిపోర్టులు, ఫిల్ములు తీసుకెళ్ళండి. రెండో అభిప్రాయం కావాలనిపిస్తే కాగితం జిరాక్సు చూపించి లాభం లేదు. ఇంకో పాథాలజిస్టు ఆ స్లైడ్లను సొంతంగా చూడాలి, అవసరమైతే కొత్త స్లైడ్లు కోసుకోవాలి. ల్యాబ్‌లో అడిగితే స్లైడ్లు, మైనం బ్లాకులు సంతకం పెట్టించుకుని ఇస్తారు. బ్లాకు చిన్న ప్లాస్టిక్ క్యాసెట్‌లో ఉంటుంది, దాని మీద నంబరు రాసి ఉంటుంది. ఆ నంబరు రిపోర్టులోని నంబరుతో కలుస్తోందో లేదో అక్కడే చూసుకోండి. ఎండలో నిలిపిన కారులో పెట్టి వెళ్ళకండి, మైనం కరిగిపోతుంది.